పన్నెండడుగుల గేటు: ఏ పైపు, ఎంత మందం, బందులు ఎక్కడ

ప్రశ్న: మాది కాకినాడ అండి, సముద్రం దగ్గరే. గేటు జాగా 12 అడుగులు, రెండు పక్కలా ఇటుక స్తంభాలు. పాత గేటు ఒకటే రెక్క. ఏడేళ్ళకే చివర కిందికి దిగి నేలకి రాసుకుంటోంది, కింది పైపు నొక్కితే పెచ్చులుగా ఊడుతోంది. కొత్తది చేయిద్దామంటే ఒక వెల్డర్ 16 గేజి చాలంటున్నారు, ఇంకొకాయన మొత్తం 10 గేజి వెయ్యాలంటున్నారు. జీఐ పైపు వేస్తే తుప్పే రాదని మూడో మాట. ఏది నమ్మాలి? పాత బందులు వాడుకోవచ్చా?

జవాబు:

ముందు గేజి సంగతి పక్కన పెట్టి బందుల దగ్గర మొదలుపెడదాం. మీ పాత గేటు దిగిపోయింది పైపు పల్చగా ఉన్నందుకు కాకపోవచ్చు. 12 అడుగుల రెక్కని ఒక పక్కనే వేలాడదీస్తే ఎంత మంచి పైపు వేసినా దిగుతుంది. ఎందుకో చిన్న లెక్కతో చెబుతాను.

గేటు బరువు దాని వెడల్పులో సగం దూరాన ఉన్నట్టు అనుకోండి. ఆ బరువు రెక్కని ముందుకి పడదోయాలని చూస్తుంది. పై బందు వెనక్కి లాగి, కింది బందు ముందుకి నెట్టి దాన్ని ఆపుతాయి. పై బందు మీద పడే లాగుడు ఎంతంటే, గేటు బరువుని సగం వెడల్పుతో గుణించి, రెండు బందుల మధ్య ఎత్తుతో భాగిస్తే వచ్చేంత. 120 కిలోల ఒంటి రెక్క, సగం వెడల్పు 1.8 మీటర్లు, బందుల మధ్య 1.2 మీటర్లు అనుకుంటే పై బందుని 180 కిలోల బలం రోజంతా స్తంభంలోంచి బయటికి లాగుతూ ఉంటుంది. అదే గేటుని రెండు రెక్కలు చేస్తే ఒక్కో రెక్క 60 కిలోలు, సగం వెడల్పు 0.9 మీటర్లు. లాగుడు 45 కిలోలకి దిగుతుంది. బరువు సగమైంది, దూరం కూడా సగమైంది కాబట్టి లాగుడు నాలుగో వంతు అయింది. 30 కిలోల పిల్లాడు రెక్క చివర పట్టుకుని ఊగితే అదనంగా ఇంకో 45 కిలోలు పడుతుంది. పిల్లలు ఊగక మానరు, అందుకని ఆ లెక్క కూడా కలుపుకునే పని చెయ్యాలి.

కాబట్టి మొదటి నిర్ణయం రెండు రెక్కలు. బందుల మధ్య ఎత్తు ఎంత పెంచితే లాగుడు అంత తగ్గుతుంది. 5 అడుగుల ఎత్తు గేటుకి అందం కోసం బందుల్ని మధ్యలోకి జరపొద్దు. పైనుంచి ఆరంగుళాల్లో ఒకటి, కిందినుంచి ఆరంగుళాల్లో ఒకటి పెట్టించండి.

ఇప్పుడు స్తంభం. ఇటుక స్తంభానికి బందు బిగించడం నాకు ఇష్టం లేదు. నేను పని మొదలుపెట్టిన రోజుల్లో ఒక ఇంటికి పదడుగుల రెక్కని తొమ్మిదంగుళాల ఇటుక స్తంభానికి యాంకర్ బోల్టులతో బిగించాను. బిగించిన రోజు రాయిలా ఉంది. వర్షాకాలం దాటేసరికి పై బోల్టు చుట్టూ ప్లాస్టరింగ్‌లో వెంట్రుకంత బీట కనపడింది. దసరా నాటికి అందులో వేలిగోరు దూరింది. యాంకర్ బోల్టు రంధ్రం లోపల విచ్చుకుని పక్కలకి నెడుతుంది. అంచుకి దగ్గరగా ఉన్న ఇటుక ఆ నెట్టుడికే పగులుతుంది, పైగా గేటు లాగుడు. ఆ స్తంభాన్ని నా ఖర్చుతో విప్పి, లోపల ఇనప పోస్టు నిలబెట్టి మళ్ళీ కట్టించాను. అప్పటి నుంచి ఇటుకకి గేటు వేలాడదీయలేదు.

మీ స్తంభాలు కదిలించకుండానే పని చేయొచ్చు. స్తంభం లోపలి ముఖానికి ఆనించి మూడంగుళాల చదరపు పైపు, 4 మి.మీ. మందం ఉన్నది, పోస్టుగా నిలబెట్టండి. అడుగున్నర చదరం, రెండున్నర అడుగుల లోతు గుంట తవ్వి, సిమెంటు, ఇసుక, కంకర 1:2:4 పాళ్ళలో కలిపిన కాంక్రీటు పోయించండి. పైపు కింది చివర రెండు ఇనప కడ్డీ ముక్కలు అడ్డంగా వెల్డ్ చేస్తే కాంక్రీటులో పట్టు దొరుకుతుంది. పోస్టు పై చివరని స్తంభానికి ఒక పట్టీతో కట్టేయొచ్చు. బరువు మోసేది మాత్రం పోస్టే. కాంక్రీటు నేలకన్నా రెండంగుళాలు పైకి లేచి, పైపు నుంచి బయటికి వాలు ఉండాలి. పోస్టు తుప్పు పట్టేది ఎప్పుడూ నేల మట్టం దగ్గరే, నీళ్ళు నిలిచే ఆ వేలెడు జాగాలోనే. పోసిన తర్వాత ఏడు రోజులు తడిపి, ఆ తర్వాతే గేటు ఎక్కించండి. మర్నాడే ఎక్కించేస్తామని తొందరపెడితే ఒప్పుకోకండి.

ఇక మీ కొలతలు. 12 అడుగులంటే 3660 మి.మీ. రెండు పోస్టులు 150 తీసేస్తే 3510. బందుల కోసం చెరో పక్క 25, మధ్యలో రెండు రెక్కలు రాసుకోకుండా 10. మిగిలింది 3450, అంటే ఒక్కో రెక్క 1725 మి.మీ. వెడల్పు. ఎత్తు 1500 అనుకుందాం. నేలకీ గేటుకీ మధ్య రెండంగుళాల ఖాళీ వదలండి. లోపలికి ర్యాంపు ఉంటే మాత్రం రెక్క పూర్తిగా తెరిచిన చోట నేల ఎంత ఎత్తుందో ముందే రసమట్టం పెట్టి చూసుకోండి.

ఇప్పుడు గేజికి వద్దాం. 16 గేజి అంటే 1.6 మి.మీ., 14 అంటే 2, 12 అంటే 2.6, 10 అంటే 3.2 దగ్గర. మీకు సలహా ఇచ్చిన ఇద్దరి మాటల్లోనూ కొంత నిజం ఉంది. సముద్రం పక్కన 16 గేజి పైపు పెట్టకూడదు, ఎందుకంటే పైపు లోపలి నుంచి కూడా తుప్పు తింటుంది, అక్కడికి మన రంగు చేరదు. అలాగని మొత్తం 10 గేజి వేస్తే గేటు బరువు బాగా పెరిగి బందుల మీద భారం పడుతుంది. రెక్కలో అన్ని పైపులూ ఒకే పని చేయవు కాబట్టి ఒకే మందం అక్కర్లేదు. బందులు అతికే నిలువు పైపు ఒక్కటి 50×50, 3 మి.మీ. వేయండి. మిగతా చట్రం, మధ్య అడ్డపైపు 50×50, 2 మి.మీ. లోపలి నిలువు కడ్డీలకి 25×25, 2 మి.మీ. పైపు.

లోపలి వెడల్పు 1625లో 13 నిలువు పైపులు పెడితే వాటి మధ్య సందు 93 మి.మీ. వస్తుంది. నాలుగంగుళాలు దాటనివ్వకండి, పసిపిల్లల తల ఇరుక్కునే ప్రమాదం ఉంటుంది. బరువు లెక్క చూస్తే 50×50 పైపు 2 మి.మీ.ది మీటరుకి దాదాపు 3 కిలోలు, 3 మి.మీ.ది 4.3 కిలోలు, 25×25 పైపు 1.4 కిలోలు. అన్నీ కలిపి, పట్టీలు, గొళ్ళెం, ప్లేట్లతో సహా ఒక్కో రెక్క 60 కిలోల దగ్గర తేలుతుంది. పైన బందుల లెక్కలో వాడిన అంకె ఇదే. కిలో లెక్కన బేరం కుదిరితే ఈ లెక్క చేతిలో పెట్టుకుని కాటా దగ్గర నిలబడండి. బరువు బాగా తగ్గిందంటే పైపు పల్చనిది వచ్చిందని అర్థం. పైపు కోసిన చివర వెర్నియర్‌తో కొలిస్తే ఇంకా మంచిది.

రెక్క మూలలు చెదరకుండా నిలబడాలంటే ఐమూల పట్టీ కావాలి. చాలామంది 6 మి.మీ. పట్టీని ఏ మూల నుంచి ఏ మూలకి పడితే ఆ మూలకి వేసేస్తారు, అది పొరపాటు. పట్టీ లాగుడుకి నిలబడుతుంది, నెట్టితే వంగిపోతుంది. అందుకని పట్టీ ఎప్పుడూ బందుల వైపు పై మూల నుంచి గొళ్ళెం వైపు కింది మూలకి రావాలి. అప్పుడు దిగిపోవాలని చూసే చివరని అది తాడులా పైకి పట్టి ఉంచుతుంది. ఎదురు ఐమూల వేయాలంటే పట్టీ చాలదు, పైపు వేయాలి. మీ గేటుకి 32×6 పట్టీ, లోపలి వైపు నుంచి వేసి, దాటే ప్రతి నిలువు పైపుకీ ఒక టాకా వేస్తే చాలు. వీధిలోంచి పెద్దగా కనపడదు.

చట్రం అతికేటప్పుడు వెల్డర్ మూలమట్టం పెట్టి సరిపోయిందంటారు. మీరు టేపు పట్టుకుని రెండు ఐమూలలూ కొలవండి. 1725కి 1500 రెక్కలో రెండూ 2286 మి.మీ. రావాలి, తేడా రెండు మి.మీ. మించకూడదు. ముందు అన్ని మూలలూ టాకాలు వేసి, కొలిచి, ఆ తర్వాతే పూర్తి వెల్డింగ్. ఒక మూల మొత్తం ఒకేసారి లాగించేస్తే వేడికి అటువైపు గుంజి రెక్క మెలి తిరుగుతుంది. ఒక మూలలో కొంచెం, దాని ఎదురు మూలలో కొంచెం, ఇలా మార్చుకుంటూ పోవాలి. 2 మి.మీ. పైపుకి 2.5 మి.మీ. 6013 రకం వెల్డింగ్ రాడ్డు, 60 నుంచి 80 ఆంపియర్లు సరిపోతాయి. కరెంటు ఎక్కువ పెడితే పైపు చిల్లు పడుతుంది, ఆ చిల్లుని పూడుస్తూ కుప్ప పోస్తారు. పైకి బలంగా కనపడే ఆ కుప్ప కింద అతుకు ఉండదు.

మీరు తప్పకుండా చూడాల్సింది నిలువు పైపులు అడ్డపైపుకి కలిసే చోట్లు. ఒక రెక్కకి ఇలాంటివి 52 ఉంటాయి, అందుకే నాలుగు పక్కలా వెల్డ్ చేయకుండా రెండు పక్కల రెండు చుక్కలు పెట్టి వదిలేస్తారు. బలానికి అది చాలు. నీళ్ళ దృష్టితో చూస్తే చాలదు. వెల్డ్ లేని ఆ రెండు పక్కల సందులోకి నీళ్ళు ఎక్కి, ఉప్పు గాలికి అక్కడే తుప్పు మొదలవుతుంది. ఏడాదిన్నరకి ఆ అతుకుల నుంచి కిందికి గోధుమ రంగు గీతలు జారుతాయి. కింది అడ్డపైపు మీదివైనా చుట్టూ పూర్తిగా వెల్డ్ చేయించండి. మిగతావాటికి ప్రైమర్ తర్వాత పీయూ, అంటే పాలీయురెథేన్ సీలెంట్ వేలితో అద్ది సందు మూయించండి. కింది భాగానికి రేకు అతికించే ఆలోచన ఉంటే మానేయమంటాను. రేకు పైపు మీద పరిచి అక్కడక్కడా వెల్డ్ చేస్తే, ఆ రెండింటి మధ్య సందు మొత్తం తుప్పుకి ఇల్లే.

మీ పాత గేటు కింది పైపు పెచ్చులూడడానికి ఇంకో కారణం కూడా ఉండి ఉండొచ్చు. రోజూ పొద్దున్నే గేటు ముందు కల్లాపి జల్లుతాం, ముగ్గు కోసం నేల కడుగుతాం. ఆ నీళ్ళు కింది పైపు మీదికి చిందుతాయి. బోరు నీళ్ళలో ఉప్పు ఉంటే ఇంకా చేటు. ముగ్గు మానలేం కదా, కింది పైపునే దానికి తగ్గట్టు చేసుకోవాలి. పైపు చివరలన్నీ మూతలు పెట్టి వెల్డ్ చేయించండి. ఎంత బాగా మూసినా వెల్డ్‌లో సూదిమొనంత రంధ్రం ఎక్కడో ఉంటుంది. పగలు వేడెక్కి, రాత్రి చల్లారుతూ పైపు దాంట్లోంచి తడి గాలి పీలుస్తుంది, లోపల నీరు పడుతుంది. అందుకని కింది అడ్డపైపు అడుగున రెండు చివరలా, మధ్యలో ఒకటి, 6 మి.మీ. రంధ్రాలు రంగు వేయకముందే వేయించండి. వచ్చిన నీళ్ళు పోయే దారి ఉండాలి.

జీఐ గురించి అడిగారు. బజారులో గేట్లకి ఇచ్చే మెరిసే పైపుల్లో చాలావరకు జింకు పూసిన రేకుతో చేసినవి. 120 జీఎస్ఎం పూత అంటే చదరపు మీటరుకి 120 గ్రాముల జింకు, అదీ రెండు వైపులా కలిపి లెక్క, ఒక్కో వైపు పది మైక్రాన్లు కూడా ఉండదు. వెల్డ్ చేసిన చోట అదీ కాలిపోతుంది. మీ గేటులో వందకి పైగా అతుకులున్నాయి, అన్ని చోట్లా జింకు పోయినట్టే. పైగా జింకు పొగ పీల్చిన వెల్డర్‌కి ఆ రాత్రి చలి, జ్వరం రావచ్చు. ఆ పైపే వాడితే అతుకు చుట్టూ అంగుళం మేర జింకు గ్రైండ్ చేసి, గాలి తగిలే చోట వెల్డ్ చేసి, తర్వాత జింకు పెయింట్ కొట్టాలి. నిజంగా జింకు కావాలంటే పూత లేని నల్ల పైపుతో గేటు పూర్తిగా చేసి, మొత్తాన్ని కరిగిన జింకులో ముంచే గాల్వనైజింగ్ ప్లాంటుకి పంపాలి. అప్పుడు పైపు లోపల కూడా పూత పడుతుంది, సముద్రపు ఊళ్ళకి దాన్ని మించింది లేదు. అలా పంపేటట్టయితే ప్రతి పైపుకీ గాలి, జింకు పోయే రంధ్రాలు ఉండి తీరాలి. మూసిన పైపుని 450 డిగ్రీల జింకులో ముంచితే లోపలి గాలి, తడి వ్యాకోచించి పైపు పేలుతుంది, మనుషుల ప్రాణాల మీదికి వస్తుంది. రంధ్రాలు ఎక్కడ, ఎంత సైజు అన్నది చేయడానికి ముందే ప్లాంటు వాళ్ళని అడిగి వేయించాలి.

ప్లాంటు దూరం, ఖర్చు కుదరకపోతే రంగు మీదే ఆధారపడాలి. రంగు డబ్బా ధర కన్నా కింద ఇనుము ఎంత శుభ్రంగా ఉందన్నదే ఆయుష్షు తేలుస్తుంది. నల్ల పైపు మీద నూనె ఉంటుంది, వెల్డ్‌ల మీద చిట్టెం, చుట్టూ చిమ్మిన బొట్లు ఉంటాయి. ముందు థిన్నర్ గుడ్డతో నూనె తుడవాలి, తర్వాత చిట్టెం కొట్టి, ఫ్లాప్ డిస్కుతో, వైర్ బ్రష్‌తో తెల్లటి లోహం కనపడేదాకా రుద్దాలి. రెడ్ ఆక్సైడ్ కొట్టకముందే మీరు వెళ్ళి ప్రతి అతుకూ చూడండి. ఎర్ర రంగు పడ్డాక మంచి వెల్డ్, చెడ్డ వెల్డ్ ఒకేలా కనపడతాయి. కొన్ని షాపుల్లో పైపు రాగానే దాని మీద రెడ్ ఆక్సైడ్ కొట్టేసి తర్వాత కోస్తారు, ఆ పూత కింద నూనె అలాగే ఉంటుంది.

మీ ఊరికి మామూలు రెడ్ ఆక్సైడ్, పైన ఎనామెల్ చాలవు. రెండు డబ్బాలు కలిపి వేసే ఎపాక్సీ జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్ రెండు పూతలు వేయించండి. పేరులో జింకు రిచ్ అని ఉన్న ప్రైమర్ మీద ఆశ పడకండి, అది ఇసుకతో బ్లాస్ట్ చేసిన ఇనుము మీదే సరిగ్గా పనిచేస్తుంది. మొదటి పూతకి ముందు చిన్న బ్రష్‌తో అంచులకీ అతుకులకీ ఒకసారి విడిగా రంగు అద్దించండి, ఎందుకంటే తడి రంగు అంచుల నుంచి జారి పల్చబడుతుంది. పైన పీయూ రంగు రెండు పూతలు. ఎపాక్సీ ఒక్కటే వదిలేస్తే ఎండకి సుద్దలా పొడి రాలుతుంది. మంచు పడే వేళ, తడి గాలి వీచే సాయంత్రం రంగు వేయనివ్వకండి. ఎండెక్కాక మొదలుపెట్టి మధ్యాహ్నం మూడింటికి ఆపేయడం మంచిది. వేలాడే రెక్క అడుగు భాగం బ్రష్‌కి అందదు, కాబట్టి గేటు ఎక్కించక ముందే బల్ల మీద తిప్పి వేయించండి.

బందుల దగ్గరికి మళ్ళీ వస్తున్నాను. పాతవి వాడొద్దు. ఏడేళ్ళు 12 అడుగుల రెక్కని మోసిన పిన్ను ఒక పక్కకి అరిగి ఉంటుంది. బందులో 2 మి.మీ. ఆట ఉంటే మీ రెక్క చివర 3 మి.మీ. దిగుతుంది. కొత్తవి 20 మి.మీ. పిన్ను, దానికి సరిపోయే బుష్ ఉన్నవి తీసుకోండి. నిలువు బరువంతా కింది బందే మోయాలి, అందులో బేరింగ్ గానీ మందపాటి వాషర్ గానీ ఉండాలి. పై బందు పక్కకి పోకుండా పట్టుకుంటే చాలు. రెండు పిన్నులూ పైకే చూస్తూ ఉంటే ఇద్దరు మనుషులు గేటుని ఎత్తి తీసుకుపోగలరు. ఎక్కించాక పై పిన్ను మీద ఒక వాషర్ వెల్డ్ చేయించండి.

బందుని పైపు గోడకి నేరుగా అతికించవద్దు. 3 మి.మీ. అయినా, లాగుడంతా ఒక్క చోట పడి గోడ లోపలికి గుంట పడుతుంది. ముందు 75×150, 6 మి.మీ. ప్లేటు పైపు మీద చుట్టూ వెల్డ్ చేసి, దాని మీద బందు పెట్టాలి. ప్లేటు మీద బందుకి 3.15 రాడ్డు, 100 నుంచి 120 ఆంపియర్లు.

ఎక్కించే రోజు చేయాల్సింది ఇలా. రెండు బందుల బుష్‌ల గుండా ఒకే పొడవాటి నిటారు రాడ్డు దూర్చి, రెండూ ఒకే గీతలో ఉన్నాయని చూసుకుని రెక్కకి అతికించాలి. రెక్క కింద చెక్కలు పెట్టి, గొళ్ళెం వైపు చివర 4 మి.మీ. ఎత్తుగా ఉంచి, పోస్టుకి టాకాలు మాత్రమే వేయాలి. తూకం గుండు రెండు వైపుల నుంచి పట్టి చూడాలి. తర్వాత చెక్కలు తీసి, రెక్కని సగం తెరిచి వదలండి. వదిలిన చోటే నిలబడితే పిన్నులు నిలువుగా ఉన్నట్టు. దానంతట అదే మూసుకుపోయినా, తెరుచుకుపోయినా టాకా విరిచి సరిచేయించండి, పూర్తి వెల్డ్ అయ్యాక సరిచేయడం కష్టం. బందుని పోస్టుకి వెల్డ్ చేసేటప్పుడు ఎర్త్ క్లిప్పుని పోస్టుకే తగిలించాలి. రెక్కకి తగిలిస్తే కరెంటు బేరింగ్ గుండా పోయి లోపలి గుండ్ల మీద మచ్చలు పడతాయి, కొత్త గేటే కరకరమంటుంది. గ్రైండర్ నిప్పురవ్వలు కిటికీ అద్దం మీద, కారు మీద, గ్రానైట్ మీద పడితే అతుక్కుని తర్వాత తుప్పు చుక్కలు వస్తాయి, తడి గోనె కప్పించండి. చోటు మీద వేసిన ఆ వెల్డ్‌ల దగ్గర కాలిన రంగు గీకి, మళ్ళీ ప్రైమర్ నుంచి మొదలుపెట్టాలి.

మొదటి వర్షాకాలం అయ్యాక ఒకసారి చూడండి. బందు వెల్డ్ అంచు వెంట రంగులో సన్నటి తుప్పు గీత కనపడితే అక్కడ పగులు మొదలైందని అర్థం, వెంటనే గ్రైండ్ చేసి మళ్ళీ వెల్డ్ చేయించాలి. బందుల్లో గ్రీజు పెట్టండి, కింది పైపు అడుగు రంధ్రాలు మట్టితో పూడిపోయి ఉంటే సన్నటి తీగతో పొడవండి.